ఆవు ఈని మాయ పడకపోతే: గడియారం చూడండి, జ్వరం చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి

దూడ బయటపడి, తల్లి దాన్ని నాకుతూ నిలబడిందంటే ఇంట్లో అందరికీ ఊపిరి తిరుగుతుంది. ఆ తర్వాత అందరి చూపూ వెనక వేలాడే మాయ మీదికే పోతుంది. మధ్యాహ్నమైనా పడకపోతే కొట్టం చుట్టూ సలహాలు మొదలవుతాయి. ఒకరు రాయి కట్టమంటారు, ఒకరు చెయ్యి పెట్టి తీసే మనిషి పక్క ఊళ్లో ఉన్నాడంటారు, ఇంకొకరు మాయ పడేదాకా దూడకు పాలు విడవొద్దంటారు. ఈ మూడూ ఆవుకో దూడకో నష్టం చేసేవే. మాయ లోపల ఉండిపోవడం వల్ల చచ్చే ఆవులు తక్కువ. దాన్ని లాగి తీయబోయి గర్భసంచిని పాడుచేసుకునే ఆవులే ఎక్కువ. అందుకే ఇక్కడ ఏ గంటకు ఏం చేయాలో ఎంత చెప్పామో, ఏం చేయకూడదో కూడా అంతే చెబుతున్నాం. బర్రెలకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

మొదట టైం రాసిపెట్టుకోండి

దూడ పూర్తిగా నేల మీద పడ్డ గంటను గోడ మీద బొగ్గుతోనైనా రాయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, డాక్టర్ వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఇదే. "పొద్దున్నే ఈనింది సార్" అంటే నాలుగు గంటలకో, ఎనిమిది గంటలకో ఆయనకు తెలియదు.

బాగున్న ఆవు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మాయ వేస్తుంది. పన్నెండు గంటల దాకా ఎదురుచూడొచ్చు, కంగారు పడాల్సిన పని లేదు. పన్నెండు గంటలు దాటితే మాయ నిలిచిపోయినట్టే లెక్క పెట్టుకోండి. కొన్ని పుస్తకాలు ఇరవై నాలుగు గంటలు దాటాకే అలా అనాలంటాయి. రైతుకు పన్నెండే మంచి లెక్క, ఎందుకంటే అప్పుడు ఫోన్ చేస్తే డాక్టర్ మరునాటికల్లా వచ్చి చూడగలుగుతారు. ఫోన్ చేయడమంటే చెయ్యి పెట్టి తీయించడం అని కాదు. ఆవును చూపించుకోవడం అంతే.

పన్నెండు గంటల దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. దూడ పడ్డ తర్వాత కూడా ఆవు గట్టిగా ముక్కుతూనే ఉంటే లోపల రెండో దూడ ఉండొచ్చు, లేదా గర్భసంచి బయటకు వస్తుండొచ్చు. చెవులు చల్లబడి, కాళ్లు తడబడి, మెడ పక్కకు తిప్పుకుని కూలబడితే అది పాలజ్వరం. ఒంట్లో కాల్షియం పడిపోతే వచ్చేది అది, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఎర్రటి రక్తం ధారగా కారుతున్నా ఆగొద్దు.

వేలాడేది మాయేనా?

ఇది ఒకసారి దగ్గరగా చూసుకోవాలి. మాయ అంటే పల్చటి, జారుడుగా ఉండే పొర. తడిసిన గుడ్డలా కిందికి వేలాడుతుంది, దాని మీద అక్కడక్కడ ముదురు ఎరుపు మచ్చల్లా గుండీలు కనిపిస్తాయి. పట్టుకుంటే దాదాపు బరువే ఉండదు.

గర్భసంచి బయటపడితే అలా ఉండదు. బిందెంత సంచి మందంగా, ఎర్రగా, ఉబ్బి ఉంటుంది. దాని మీద పుట్టగొడుగుల్లాంటి బొడిపెలు లేచి ఉంటాయి, వాటికి మాయ ముక్కలు అతుక్కుని కనిపించొచ్చు. ఇది కనిపిస్తే లాగొద్దు, లోపలికి నెట్టే ప్రయత్నమూ వద్దు. శుభ్రమైన తడి దుప్పటితో చుట్టి, కుక్కలు, కాకులు రాకుండా కాపలా ఉండి, ఆ నిమిషమే డాక్టర్‌ను పిలవండి. దీన్ని మాయ అనుకుని లాగితే ఆవు అక్కడికక్కడే రక్తం పోయి చచ్చిపోగలదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, వెనక ఏమీ వేలాడకపోయినంత మాత్రాన మాయ పడిందని కాదు. రాత్రి ఈనితే కుక్క లాక్కుపోయి ఉండొచ్చు, ఆవే తినేసి ఉండొచ్చు, లేదా మొత్తం లోపలే ఉండొచ్చు. పడిన మాయ మీకు కనిపించిందా లేదా అన్నదే లెక్క. కనిపించకపోతే "చూడలేదు" అనే డాక్టర్‌కు చెప్పండి, "పడే ఉంటుంది" అనొద్దు.

మాయ ఎందుకు పట్టుకుని ఉంటుంది

ఇది తెలిస్తే లాగాలన్న ఆలోచన దానంతటదే పోతుంది. ఆవు గర్భసంచి లోపలి గోడ మీద సుమారు 70 నుంచి 120 దాకా బొడిపెలు ఉంటాయి. మాయ మీద అన్నే గుండీలు ఉంటాయి. ఒక్కో గుండీ నుంచి సన్నటి కుచ్చులు తల్లి బొడిపెలోని గుంతల్లోకి దిగి పట్టుకుంటాయి. దూడకు ఆహారం, ఊపిరి అందేది ఈ అతుకుల గుండానే. ఉత్తరేణి గింజలు గొంగడికి పట్టుకున్నట్టు ఉంటుంది ఆ పట్టు. గింజను గట్టిగా లాగితే గొంగడి బొచ్చు కూడా ఊడి వస్తుంది. ఇక్కడ ఊడేది గర్భసంచి లోపలి పొర.

మామూలుగా ఈనే ముందు నుంచే ఈ అతుకులు వదులవుతూ వస్తాయి. దూడ మాయను తల్లి ఒంట్లోని తెల్ల రక్తకణాలు పరాయిదిగా గుర్తించి, అతుకును పట్టి ఉంచే జిగురును కరిగిస్తాయి. దూడ పడ్డాక గర్భసంచి ముడుచుకుంటూ, వదులైన మాయను బయటకు నెడుతుంది. ఆ తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయకపోతే జిగురు కరగదు. గర్భసంచి ఎంత ముడుచుకున్నా మాయ రాదు.

నెలలు నిండకముందే ఈనితే, ఈసుకుపోతే, కవలలు పుడితే, దూడను లాగి తీయాల్సి వస్తే, కోసి తీస్తే, పాలజ్వరం వస్తే మాయ నిలిచే అవకాశం పెరుగుతుంది. వట్టిపోయిన రెండు నెలలూ వరిగడ్డి తప్ప పచ్చి మేత చూడని ఆవుల్లోనూ ఇది ఎక్కువ. ఎండిన గడ్డిలో విటమిన్ ఇ దాదాపు ఉండదు. తెల్ల రక్తకణాల పనికి అదీ, సెలీనియం అనే ఖనిజమూ కావాలి. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల కొట్టం కింద ఈనే సంకరజాతి ఆవులకు వేడి దెబ్బ కూడా తోడవుతుంది.

మాయ జారేందుకు సూది వేయమని మందుల షాపుకు పరుగెత్తేవాళ్లకు ఒక మాట. ఆ సూది గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. ఇక్కడ లోపం ముడుచుకోవడంలో కాదు, అతుకు విడవకపోవడంలో ఉంది. కష్టపు ఈనుడులో, మొదటి కొన్ని గంటల్లో అవసరమనుకుంటే డాక్టర్ వేస్తారు. రోజు దాటాక దానితో ఒరిగేది దాదాపు లేదు.

మొదటి పన్నెండు గంటల్లో చేయాల్సినవి

అన్నిటికంటే ముందు దూడకు ముర్రుపాలు తాగించండి. మాయ పడేదాకా పాలు పిండొద్దు, దూడను విడవొద్దు అన్న పట్టింపు మన ఊళ్లలో ఇంకా ఉంది. దీనివల్ల ఆవు కంటే ముందు దూడ పోతుంది. దూడ రోగాలను తట్టుకునే శక్తి లేకుండా పుడుతుంది, అది ముర్రుపాల నుంచే రావాలి. ఆ శక్తినిచ్చే పదార్థాలను దూడ పేగు పుట్టిన మొదటి గంటల్లోనే బాగా పీల్చుకుంటుంది. గంట గంటకూ ఆ దారి మూసుకుపోతూ వస్తుంది, ఒక రోజు దాటాక దాదాపు మూసుకుంటుంది. అందుకని గంట రెండు గంటల్లోపే తాగించాలి. దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు మొదటి రోజులో పడాలి. పాతిక కిలోల దూడకు రెండున్నర లీటర్లు, రెండు మూడు విడతలుగా తాగిస్తే సరిపోతుంది. దూడ చీకుతుంటే తల్లి ఒంట్లో పుట్టే స్రావం గర్భసంచిని కూడా ముడుస్తుంది. అంటే దూడను విడవడమే మాయకు కూడా మంచిది.

తర్వాత ఆవుకు తాగడానికి బకెట్ నిండా గోరువెచ్చని నీళ్లు పెట్టండి. కావాలనుకుంటే కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు కలపండి. మెత్తటి పచ్చిగడ్డి, తవుడు అలవాటైనంతే వేయండి. వెదురాకు మేపడం, ముల్లంగి పెట్టడం చాలాచోట్ల అలవాటు. ఆవు తనంతట తాను తింటే కొద్దిగా పెట్టొచ్చు, అభ్యంతరం లేదు. పొరపాటు జరిగేది రెండు చోట్ల. ఒకటి, బలం వస్తుందని కిలోల కొద్దీ బెల్లం, ఉడికించిన గింజలు ఒకేసారి పెట్టడం. దానితో కడుపు పులిసి ఆవు మేత మానేస్తుంది. రెండు, తల ఎత్తిపట్టి సీసాతో, వెదురు గొట్టంతో కషాయం పోయడం. గుటక తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఈని అలసిన ఆవులో, ముఖ్యంగా కాల్షియం తక్కువై మింగే శక్తి తగ్గిన ఆవులో ఈ ప్రమాదం ఎక్కువ.

కట్టే చోట పాత గడ్డి తీసేసి పొడి గడ్డి పరవండి. తోకను పక్కకు కట్టి, మానం చుట్టూ, తొడల వెనక సబ్బు నీళ్లతో పైపైన కడగండి. నీళ్లు లోపలికి పోనీయొద్దు. మాయ మడమల కిందికి వేలాడి ఆవు తొక్కుకుంటుంటే, పేడలో ఈడుస్తుంటే, మరిగించిన కత్తెరతో మడమకు పైభాగంలో కత్తిరించండి. లాగి పట్టుకుని కాకుండా, వేలాడినదాన్ని వేలాడినట్టే కోయాలి. మొదలంటా కోస్తే మిగిలింది లోపలికి జారిపోయి ఉందో లేదో తెలియకుండా పోతుంది. కనీసం జానెడు బయట ఉంచండి.

ఈ పనులన్నీ గ్లౌజు వేసుకునే చేయాలి. ఎందుకో కింద చెబుతాం.

పన్నెండు గంటలు దాటాక: పని థర్మామీటర్‌ది

ఇక్కడి నుంచి ఆవు గురించి నిజం చెప్పేది ఒళ్లు, అంటే జ్వరం. మనుషులకు వాడే డిజిటల్ థర్మామీటర్ సరిపోతుంది. ఆవు కోసం వేరేగా ఒకటి కొని పెట్టుకోండి. దాని చివరకు దారం కట్టి, మరో కొసను తోకకు క్లిప్పుతో పట్టించండి, లోపలికి జారిపోకుండా. మొనకు కొంచెం నూనె రాసి, పేడ వచ్చే దారిలో రెండు మూడు అంగుళాలు పెట్టి, మొన గోడకు తగిలేలా కొంచెం పక్కకు వంచి ఉంచాలి. పేడ ముద్దలో గుచ్చుకుంటే తప్పు లెక్క వస్తుంది.

రోజూ పొద్దున చల్లటి వేళ, ఒకే సమయానికి చూడండి, పది రోజుల దాకా మానొద్దు. మన ఎండల్లో మధ్యాహ్నం చూస్తే బాగున్న ఆవుకు కూడా కొంత ఎక్కువ చూపిస్తుంది. బాగున్న ఆవుకు 101.5 ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. పొద్దున చూసినప్పుడు 103 దాటితే జ్వరమే.

జ్వరంతో పాటు మరో మూడు చూసుకోవాలి. మేత తింటుందా, నెమరు వేస్తుందా. పాలు నిన్నటికంటే పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా. మానం నుంచి కారేది ఎలా ఉంది. ఈనిన ఆవుకు రెండు మూడు వారాల దాకా మైల కారడం మామూలే. చిక్కగా, ముదురు ఎరుపు గోధుమ రంగులో, పెద్ద వాసన లేకుండా ఉంటే భయం లేదు. నీళ్లలా పల్చబడి, చాక్లెట్ రంగుకు తిరిగి, పక్క వాకిట్లోకి కూడా కుళ్లు వాసన కొడుతుంటే గర్భసంచికి చీము పట్టినట్టు. వేలాడే మాయ ఎలాగూ కుళ్లు వాసనే కొడుతుంది, ఆ ఒక్క వాసనను చూసి బెదరొద్దు. కుళ్లు వాసనతో పాటు జ్వరం వచ్చి మేత కూడా తగ్గితే అప్పుడు అది జబ్బు.

జ్వరం లేదు, మేత తింటుంది, పాలు పెరుగుతున్నాయి అంటే మాయ వేలాడుతున్నా ఆవును అలా ఉండనివ్వవచ్చు. అతుకులు మెల్లగా కుళ్లి విడిపోయి, చాలావరకు నాలుగు నుంచి పది రోజుల్లో మాయ దానంతటదే పడిపోతుంది. చూసేవాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం. వారం రోజులు కొట్టంలో వాసన, వచ్చిన ప్రతివాడి ఎత్తిపొడుపు. ఆ ఒత్తిడికే చాలామంది చెయ్యి పెట్టిస్తారు.

చేయకూడనివి, ఎందుకంటే

చెయ్యి పెట్టి తీయించడం. బయటకు మాయ మొత్తం వచ్చినట్టే కనిపిస్తుంది, తీసినవాడికి పేరు వస్తుంది. లోపల జరిగేది వేరు. విడవని గుండీలను వేళ్లతో ఒలిచినప్పుడు గర్భసంచి పొర చిరుగుతుంది, రక్తం కారుతుంది, ఆ గాయాల్లోకి క్రిములు నేరుగా దిగుతాయి. గుండీల కుచ్చులు కొన్ని తెగి అక్కడే ఉండిపోతాయి, అవే కుళ్లుతాయి. రెండో రోజు బాగున్న ఆవు మూడో రోజు 105 జ్వరంతో మేత మానేయడానికి చాలాసార్లు కారణం ఇదే. జ్వరం ఉన్న ఆవుకు తీయడం ఇంకా ప్రమాదం, విషం రక్తంలోకి ఎక్కుతుంది. డాక్టర్ వచ్చి, గ్లౌజు వేసుకుని, మెల్లగా ఒకసారి పట్టి చూసి, పూర్తిగా విడిపోయి దారిలో ఉన్నదాన్ని తీయడం వేరే సంగతి. ఆయన చూసి "విడవలేదు, వదిలేద్దాం" అంటే పని రాక కాదు, పని తెలిసే అంటున్నారు.

రాయి, ఇటుక, పాత చెప్పు కట్టడం. బరువుకు మాయ మధ్యలో తెగి, లోపలి సగం అక్కడే ఉండిపోతుంది. కొన్నిసార్లు మాయతో పాటు గర్భసంచి మొత్తం తిరగబడి బయటకు వస్తుంది. ఆవు నడిచినప్పుడల్లా రాయి ఊగి పొదుగుకు, కాళ్లకు తగులుతుంది.

గర్భసంచిలోకి మందు నీళ్లు కొట్టడం. పొటాషియం పర్మాంగనేట్, డెటాల్, పసుపు నీళ్లు ఏవైనా సరే. క్రిములను చంపుతాయన్న మాట నిజమే కానీ, అతుకును కరిగించాల్సిన తెల్ల రక్తకణాలను కూడా అవి దెబ్బతీస్తాయి. లోపలి లేత పొర కాలుతుంది. పోసిన నీళ్లు మొత్తం తిరిగి రావు.

షాపులో కొన్న గోళీలు మీరే లోపల పెట్టడం. కొన్ని యాంటీబయోటిక్ గోళీలు కుళ్లడాన్ని ఆపే క్రమంలో, మాయ విడవడానికి కావాల్సిన కరుగుడును కూడా ఆపుతాయి. మాయ ఇంకా ఆలస్యంగా పడుతుంది. పెట్టాలా వద్దా అన్నది డాక్టర్ చూసి చెప్పాల్సింది. కడుపులోకి మింగించే మాయ మందులు సీసాల్లో వస్తాయి. వాటితో నష్టం తక్కువే కానీ, సీసా తాగించాం కదా అని థర్మామీటర్ మానేయడమే పెద్ద నష్టం.

ఒక ఆవును వారం రోజులు చూస్తే

నర్సంపేట వైపు ఒక ఊళ్లో మూడో ఈత జెర్సీ సంకర ఆవు, పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది, మంగళవారం పొద్దున 4 గంటలకు ఈనిందనుకుందాం. దూడ కొంచెం లావు, ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. 5 గంటలకు దూడకు ముర్రుపాలు పట్టించారు. సాయంత్రం 4 గంటలకు పన్నెండు గంటలు నిండాయి, మాయ మడమల దాకా వేలాడుతోంది. పశువుల దవాఖానకు, లేదా 1962 నంబరుకు చేయాల్సిన ఫోన్ ఇప్పుడే. చెప్పాల్సినవి నాలుగే మాటలు: ఈనిన గంట, దూడను లాగి తీశామన్న సంగతి, ఇప్పటి జ్వరం ఎంత, మేత తింటుందా లేదా.

బుధవారం పొద్దున జ్వరం 101.8. డాక్టర్ వచ్చి రెండో దూడ లేదని, చిరుగులు లేవని చూసి, మాయ విడవలేదు కాబట్టి వదిలేశారు. గురువారం 102.2, మేత బాగానే తింటోంది, పాలు పూటకు మూడు లీటర్లకు పెరిగాయి. ఇక్కడిదాకా మందు అవసరం లేదు. జ్వరం లేని ఆవుకు ముందు జాగ్రత్త అని యాంటీబయోటిక్ సూదులు వేయించడం డబ్బు దండగ, పాలు కూడా వృథా.

శుక్రవారం పొద్దున 103.8. దాణా సగం వదిలేసింది, పాలు రెండు లీటర్లకు పడ్డాయి, మైల పల్చబడి వాసన కొడుతోంది. ఇది ఆగాల్సిన రోజు కాదు. "ఇంకా రెండు రోజులు చూద్దాం" అంటే గర్భసంచి చీము ఒళ్లంతా పాకుతుంది. డాక్టర్ కండకో నరానికో యాంటీబయోటిక్, జ్వరానికి, నొప్పికి మరో సూది రాశారు, మూడు రోజులు వరసగా. కోర్సు మూడు నుంచి ఐదు రోజులుంటుంది. శనివారం జ్వరం 102.6కు దిగగానే రెండో సూది చాలనుకుని మానేయడం తరచూ చేసే పొరపాటు. లోపల క్రిములు సగమే చచ్చి ఉంటాయి. ఆదివారం మూడో సూది పడింది. సోమవారం 101.6, నెమరు వేస్తోంది. మంగళవారం, అంటే ఈనిన ఏడో రోజు, పేడ వేసేటప్పుడు మాయ నల్లబడి ముద్దగా పడిపోయింది.

సూదులు వేసిన రోజుల్లోని పాలూ, ఆ తర్వాత పాలు వాడొద్దని మందు సీసా మీద రాసిన రోజులు ముగిసేదాకా వచ్చే పాలూ కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో తాగొద్దు. ఏ మందుకు ఎన్ని రోజులో డాక్టర్‌ను సూది వేసేటప్పుడే అడిగి రాసుకోండి.

ఆ శుక్రవారం ఆవు 105 దాటి, కళ్లు లోతుకు పోయి, కూలబడి ఉంటే కథ వేరుగా ఉండేది. అప్పుడు ఫోన్‌లో మందు అడిగి సరిపెట్టుకోకూడదు. సెలైన్ ఎక్కించాల్సి ఉంటుంది, డాక్టర్ వచ్చే తీరాలి. ఈ రోజుల్లోనే పొదుగువాపు, ఒళ్లు కరిగి నోటి నుంచి తియ్యటి వాసన వచ్చే కీటోసిస్ కూడా తోడవుతాయి, మేత తగ్గిన ఆవుకు మరీ.

ఈగల సంగతి మరిచిపోవద్దు. వానాకాలంలో, ఎండాకాలం చివర వేలాడే మాయ మీద ఈగలు గుడ్లు పెట్టి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. తోక, తొడల మీద వేపనూనె రాయండి, మానం లోపలి పొరకు తగలనీయొద్దు.

ఈసుకుపోయి మాయ పడకపోతే

ఏడో నెల దాటాక దూడ చచ్చి పడిపోయి, పైగా మాయ నిలిచిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది బ్రూసెల్లోసిస్‌ను. ఇది మనుషులకు కూడా సోకుతుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులు, రాత్రి చెమటలు నెలల తరబడి పీడిస్తాయి. మాయ, ఉమ్మనీరు, చచ్చిన దూడ, పచ్చిపాలు, వీటన్నిట్లో క్రిములు ఉంటాయి. ఉట్టి చేత్తో మాయ తీసేవాళ్లకు గోటి పక్క గీత చాలు. గర్భిణులను, పిల్లలను ఆ దగ్గరికి రానీయొద్దు. పాలు మరిగించకుండా తాగొద్దు.

అందుకే ఏ మాయనైనా, ఈ అనుమానం ఉన్నా లేకపోయినా, గ్లౌజుతో ఎత్తి, మనిషి లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. చెరువులోకి, కాలువలోకి విసిరేస్తేనో, చెట్టుకు వేలాడదీస్తేనో కుక్కలు ముక్కలు చేసి ఊరంతా పంచుతాయి. ఈసుకుపోయిన ఆవుకు రక్త పరీక్ష చేయించమని డాక్టర్‌ను అడగండి. ఆడ దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒక్కసారి వేసే టీకా ఉంది. మగ దూడలకు, చూడి ఆవులకు అది వేయరు.

మాయ పడ్డాక కూడా పని మిగిలే ఉంది

పడిన మాయను పూడ్చే ముందు గోనెపట్టా మీద పరిచి చూడండి. రెండు కొమ్ముల్లా చీలి ఉంటుంది, రెండు కొసలూ ఉన్నాయా అని చూసుకోండి. వారం నానిన మాయ చీలికలై పడితే తెలియదు, దాని గురించి చింత పెట్టుకోవద్దు. జ్వరం లేకపోతే మిగిలిన ముక్కలు మైలతో పోతాయి.

నెల దాటాక, ఎద కట్టించే ముందు డాక్టర్‌తో గర్భసంచి చూపించండి. ఎదలో తీగ అద్దంలా తేటగా సాగాలి. అందులో తెల్లటి చీము చారలు ఉంటే ఎద సూది వేయించడం వృథా, ముందు దానికి మందు కావాలి. మొదటి ఎదను వదిలేసి, ఈనిన రెండు నెలలు దాటాక తేట తీగ చూసి కట్టించుకోండి. ఈసారి చూడి నిలిస్తే వట్టిపోయిన చివరి రెండు నెలలూ రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం, కొంతైనా పచ్చి మేత తప్పనిసరి. విటమిన్ ఇ, సెలీనియం సూది ఈనడానికి మూడు వారాల ముందు వేస్తారు. సెలీనియం ఎక్కువైతే విషం, కాబట్టి అది డాక్టర్ చేతిలోనే ఉండాలి. గోడ మీద బొగ్గుతో రాసిన గంటను చెరిపేయకముందే, ఈ ఈతలో మాయ ఎన్నో రోజుకు పడిందో ఆవు కార్డు మీదికి ఎక్కించండి. వచ్చే ఈతకు వచ్చే డాక్టర్ మొదట అడిగేది అదే.